చేప నూనె వేరు, చేప కాలేయం నూనె వేరు

నమస్తే అండి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఎందుకో మా చుట్టాలింట్లో జరిగింది చెబితే మీకే తెలుస్తుంది.

మా అక్క వరసయ్యే ఆవిడ కోడలికి మూడో నెల. చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వు మంచిదని ఎవరో చెబితే మందుల షాపుకెళ్లి "చేప నూనె ఇవ్వండి" అని అడిగారు. షాపతను కాడ్ లివర్ ఆయిల్ సీసా ఇచ్చాడు. రెండూ చేపవే కదా అని ఆ అమ్మాయి రోజూ రెండు టీస్పూన్లు తాగేది.

(స్క్రీన్ మీద: ధాన్యం గాదె, పక్కన విత్తనాల మూట)

చేప కాలేయాన్ని గాదె అనుకోండి. కవళ్లు, కానాగంతల వంటి చేపలు కొవ్వును కండలో దాచుకుంటాయి. మామూలుగా ఫిష్ ఆయిల్ అని అమ్మేది అలాంటి చేపల ఒంటి నుంచి తీసిన నూనె. కాడ్ చేప కండలో కొవ్వు దాదాపు ఉండదు, అంతా కాలేయంలోనే నింపుకుంటుంది. కొవ్వులో కరిగే విటమిన్-ఎ, విటమిన్-డి కూడా ఆ గాదెలోకే చేరతాయి. అంటే కాలేయం నూనె తాగితే ఒమేగా-3తో పాటు చేప కూడబెట్టుకున్న విటమిన్-ఎ కూడా మన ఒంట్లోకి వస్తుంది.

ఇక్కడే చిక్కు. మనకూ ఒక గాదె ఉంది, మన కాలేయం. విటమిన్-సి ఎక్కువైతే మూత్రంలో పోతుంది. విటమిన్-ఎ అలా పోదు, గాదెలో పేరుకుంటుంది. గాదె పొర్లితే తలనొప్పి, వాంతులు, చర్మం పొట్టు రాలడం, జుట్టు ఊడటం మొదలవుతాయి. కడుపులో బిడ్డ ఉంటే, అందులోనూ మొదటి మూడు నెలల్లో, బిడ్డ అవయవాలు ఏర్పడటంలోనే లోపాలు రావచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక టీస్పూన్ కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్-ఎ సుమారు 1,350 మైక్రోగ్రాములు. కంపెనీని బట్టి మారుతుంది, సీసా మీద చూడాలి. రెండు టీస్పూన్లకు 2,700. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠ పరిమితి 3,000. దాటలేదు కదా అనిపిస్తుంది. కానీ రక్తం పడుతుందని ఆ ఇంట్లో వారానికి రెండుసార్లు మేక కార్జం వేపుడు పెట్టేవారు. అది ఇంకో గాదె! 50 గ్రాముల కార్జమే ఒక్కటీ 3,000 దాటించగలదు. డాక్టరమ్మ సీసా చూడగానే రెండూ ఆపించారు. గర్భిణులు కాలేయం నూనె తీసుకోవద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ సూటిగానే చెబుతుంది. క్యారెట్‌లో ఉండే రూపంతో ఈ బెడద లేదు, దాన్ని ఒళ్లు కావలసినంతే విటమిన్-ఎగా మార్చుకుంటుంది.

రెండేళ్ల పిల్లలకైతే పరిమితి 600 మాత్రమే. ఒక్క టీస్పూనే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పైగా మన పిల్లలకు ఆరు నెలలకోసారి అంగన్‌వాడీలో విటమిన్-ఎ ద్రావణం వేస్తారు. డాక్టర్‌ని అడగకుండా పిల్లల నోట్లో ఆ చెంచా పెట్టకండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడేవాళ్లూ దీని జోలికి వెళ్లకూడదు, అది విటమిన్-ఎ కుటుంబానికి చెందిన మందే.

ఇక చేప గుడ్లు. మా వైపు జన అంటాం. పులస కొనేటప్పుడు జన ఉందా లేదా అని చూస్తాం, నాకూ అదే ఇష్టం. ఇది గాదె కాదు, విత్తనాల మూట. మొలకకు కావలసిన తిండి విత్తనంలో ఉన్నట్టు, పిల్ల చేపకు కావలసిందంతా గుడ్డులో ఉంటుంది. 100 గ్రాముల్లో 20 గ్రాముల పైనే ప్రోటీన్, బి-12 సుమారు 10 మైక్రోగ్రాములు. మనకు రోజుకు కావలసింది రెండు చిల్లరే. విటమిన్-ఎ మాత్రం కాలేయం నూనెతో పోలిస్తే చాలా తక్కువ. కొలెస్ట్రాల్ 350 మిల్లీగ్రాములు దాటుతుంది కాబట్టి గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు ఎప్పుడో ఒకసారి కొంచెం తింటే చాలు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. గౌట్ అనే కీళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ప్యూరిన్లు పడవు, అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారి కీళ్ల నొప్పి పెంచుతాయి. ప్యూరిన్లు ఎక్కువగా ఉండేది కణ కేంద్రకాల్లో. ప్రతి గుడ్డూ ఒక కణమే కాబట్టి సాల్మన్ గుడ్లలా పెద్దవైతే మూటలో కణాలు తక్కువ, ప్యూరిన్లూ తక్కువ. సన్నగుడ్ల జనలో ఎక్కువ. మగచేపలో ఉండే తెల్లని మెత్తటి జనలో మరీ ఎక్కువ, దాన్ని మానేయండి.

చేప పడుతుంది కాబట్టి జన కూడా పడుతుందనుకోవద్దు. గుడ్డులోని ప్రోటీన్లు వేరు. చేప హాయిగా తినే మనిషికి జనతో దద్దుర్లు, ఆయాసం రావచ్చు. పిల్లలకు మొదటిసారి చిటికెడే పెట్టి చూడండి. గర్భిణులు పచ్చి జన తినకూడదు, పూర్తిగా ఉడికించి తినాలి.

చివరిగా, బెదిరిస్తే బంతిలా ఉబ్బే చేప వలలో పడితే దాని జన, కాలేయం ముట్టుకోవద్దు. వాటిలోని టెట్రోడోటాక్సిన్ విషం ఎంత ఉడికించినా పోదు. పొరపాటున తిన్నవాళ్లకు పెదాలు తిమ్మిరెక్కితే, ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.