పచ్చసొన పక్కకు నెట్టేస్తున్నారా? గర్భిణి పళ్లెంలో కోలిన్ లెక్క

[తెరపై: ఉడికిన గుడ్డును నిలువుగా కోస్తున్న కత్తి. రెండు ముక్కల్లోంచి పచ్చసొనను చెంచాతో తీసి పక్కన పెడతారు.]

కొలెస్టరాల్ భయంతో తెల్లసొన మాత్రం తిని, పచ్చసొన వదిలేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తినేది గర్భిణి అయితే ఒక్కక్షణం ఆగండి. గుడ్డులో ఉండే కోలిన్ అనే పోషకం దాదాపు అంతా ఆ వదిలేసిన భాగంలోనే ఉంటుంది.

ఈ కోలిన్‌తో బిడ్డకు ఏం పని? మెదడులో కణాలు పుట్టుకొస్తున్నాయంటే ప్రతి కణానికీ ఓ పొర కావాలి. ఆ పొరలోని ముఖ్యమైన కొవ్వు పదార్థం కోలిన్‌తోనే తయారవుతుంది. నాడీ తంతువుల మీది తొడుగుకూ, జ్ఞాపకశక్తితో ముడిపడిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనానికీ ముడిసరుకు అదే. అందుకే మాయ దీన్ని తల్లి రక్తంలోంచి లాగి బిడ్డకు తోడుతుంది. తల్లి రక్తంలో ఉన్నదానికంటే బిడ్డ రక్తంలో కోలిన్ ఎక్కువగా ఉంటుంది. తల్లి సరిగ్గా తినకపోతే ఆమె కాలేయంలోని నిల్వలు కరుగుతాయి. మామూలు రక్తపరీక్షలో ఇది కనిపించదు, ఎందుకంటే శరీరం తన కణాల పొరలను కరిగించి అయినా రక్తంలో కోలిన్ పడిపోకుండా చూసుకుంటుంది.

[తెరపై: 450 అనే అంకె.]

గర్భిణికి రోజుకు 450 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 550 కావాలని 1998లో అమెరికా నిపుణులు చెప్పారు. ఈ అంకెకు మూలం మగవాళ్ల కాలేయం ఎప్పుడు దెబ్బతింటుందో చూసిన ఒక చిన్న అధ్యయనం. అందుకే దీన్ని గీటురాయిగా కాకుండా, దారి చూపే గుర్తుగా తీసుకుందాం.

మరి ఎక్కువ తింటే లాభమా? కార్నెల్ విశ్వవిద్యాలయంలో చివరి మూడు నెలల గర్భిణులలో కొందరికి రోజుకు 480, మరికొందరికి 930 మిల్లీగ్రాములు అందేలా చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. 930 తీసుకున్న తల్లుల పిల్లలు తెరపై కనిపించిన బొమ్మ వైపు కాస్త వేగంగా చూపు తిప్పారు. పాల్గొన్నది ముప్పై మంది కూడా కాదు. తక్కువ మోతాదు వాళ్లకూ సిఫారసు కంటే ఎక్కువే అందింది. వేరే పరీక్షలో 750 ఇచ్చినా పిల్లల్లో తేడా కనిపించలేదు. కాబట్టి కోలిన్ మింగితే తెలివైన బిడ్డ పుడతాడని ఎవరైనా ప్రకటన చేస్తే నవ్వి ఊరుకోండి. నా దృష్టిలో అసలు సమస్య అది కాదు, కనీస మోతాదు కూడా అందకపోవడం.

[తెరపై: అన్నం, పప్పు, పెరుగు, కూర ఉన్న భోజనం పళ్లెం.]

గుడ్డు ముట్టని ఒక గర్భిణి రోజును లెక్కేద్దాం. రెండు గ్లాసుల పాలలో దాదాపు 85, కప్పు పెరుగులో 38, గిన్నెడు పప్పులో 60 దాకా, బంగాళాదుంప కూరలో 50, పల్లీ పచ్చడిలో 20. అన్నంలో చెప్పుకోదగ్గంత ఉండదు. కాస్త అటూ ఇటూ 250. ఇది బాగా తిన్న రోజు. వాంతులతో సతమతమయ్యే తొలి నెలల్లో ఇందులో సగం కూడా లోపలికి పోదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటున్నాం కదా అంటారేమో, వాటిలో కోలిన్ ఉండదు.

అదే పళ్లెంలో రెండు గుడ్లు చేర్చండి. పెంకు తీశాక 50 గ్రాములుండే గుడ్డులో 147 మిల్లీగ్రాములు ఉంటాయి. మన అంగళ్లలోని గుడ్లు చిన్నవి కాబట్టి 120 అనుకున్నా, మొత్తం 490 అవుతుంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనంతో పాటు ఇచ్చే ఒక్క గుడ్డు కూడా ఈ లోటును సగందాకా పూడుస్తుంది, పచ్చసొనతో సహా తింటేనే.

లోటు పడేది శాకాహారులకే అనుకోకండి. శరీరం కాలేయంలో కొంత కోలిన్ సొంతంగా తయారు చేసుకుంటుంది, ఈస్ట్రోజెన్ దానికి సాయపడుతుంది. ఆ పని చేసే జన్యువులో చిన్న మార్పు ఉన్న స్త్రీలకు ఆ సాయం సరిగా అందదు. వాళ్లు మరింతగా తిండి మీదే ఆధారపడాలి.

ఇక కార్జం. ఉడికిన కోడి కార్జం 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల దాకా కోలిన్ ఉంటుంది. అయినా గర్భిణికి నేను చెప్పను. అదే వంద గ్రాముల్లో రెటినాల్ రూపంలోని విటమిన్ ఎ దాదాపు 4,000 మైక్రోగ్రాములు ఉంటుంది, రోజుకు 3,000 దాటకూడదన్నది పరిమితి. అది మితిమీరితే బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే నెలల్లో హాని కలగవచ్చు. బ్రిటన్‌లో గర్భిణులను కార్జం పూర్తిగా మానేయమంటారు.

గుడ్డు తిననివారు వైద్యురాలిని అడిగి కోలిన్ మాత్ర తీసుకోవచ్చు. సీసా మీద చదివేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. కోలిన్ బైటార్ట్రేట్ 500 మిల్లీగ్రాములు అని ఉంటే, అందులో అసలు కోలిన్ 200 మాత్రమే.