అమ్మా బాపులతో మొదటి విదేశీ ప్రయాణం: ముందు నడక కొలవండి, తర్వాతే టికెట్లు

[తెర మీద: హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట, తెల్లవారుజాము. నెమ్మదిగా నడుస్తున్న పెద్దవాళ్లు.]

నమస్తే. అమ్మా బాపులను మొదటిసారి విదేశం తీసుకెళ్దామనుకునే వాళ్లు ఎక్కువగా టికెట్ ధరల దగ్గర మొదలుపెడతారు. తర్వాత ప్యాకేజీ, హోటళ్లు, చివర్లో ఇన్సూరెన్స్. పెద్దవాళ్ల మోకాళ్ల సంగతి అక్కడికి చేరాక గుర్తొస్తుంది. ఈ వీడియోలో ఆ వరసను తిప్పేస్తున్నాను. వాళ్లు రోజుకు ఎంత నడవగలరో ముందు కొలుద్దాం. ఏ ఊరు, ఏ కొండ, ఎన్ని రోజులు అన్నవి ఆ కొలతను బట్టే తేలతాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఉండేది హన్మకొండలో. బాపుకు 71 ఏళ్లు, రిటైర్డ్ టీచర్, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. అమ్మకు 66, పరకాల దగ్గర సొంతూళ్లో ఏళ్ల తరబడి నాట్లు వేసిన మనిషి, ఇప్పుడు మోకాళ్ల నొప్పి. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్టోబర్‌లో స్విట్జర్లాండ్‌లో ఐదు రాత్రులు, పారిస్‌లో మూడు రాత్రులు అనుకున్నారు.

[తెర మీద: చేతికి కట్టుకున్న స్టెప్ బ్యాండ్]

చీరకు జేబు ఉండదు కాబట్టి అమ్మ చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ ఒకటి కట్టండి. వరసగా మూడు రోజులు కట్ట మీద వాళ్ల ఇష్టం వచ్చినంత నడవనివ్వండి. అడుగుల లెక్క ఎంత ముఖ్యమో, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు ఎలా ఉందన్నది అంతకంటే ముఖ్యం. మోకాలు వాచినా, గోడ పట్టుకొని లేచినా నిన్నటి నడక ఎక్కువైనట్టే. మా లెక్కలో అమ్మకు మూడు రోజులూ ఇబ్బంది లేకుండా సాగింది 4,000 అడుగులు. ప్రయాణంలో రోజు మొత్తానికి అదే హద్దు. "అక్కడికి పోతే హుషారొస్తది, నడుస్తది" అని బంధువులు అంటారు. నడుస్తుంది కూడా, మొదటి రోజు. రెండో రోజు నుంచి హోటల్ గదిలోనే ఉంటుంది.

ఈ మూడు రోజుల్లో ఇంకోటి కూడా చూడండి. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గిపోతోందా? ఛాతీ బిగుసుకున్నట్టు అనిపిస్తోందా? అలాగైతే అది వయసు వల్ల వచ్చిన అలసట అనుకోవద్దు. కాళ్ల రక్తనాళాలదో గుండెదో సమస్య కావచ్చు. టికెట్ల మాట పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించాలి.

[తెర మీద: ఆధార్, పాస్‌పోర్టు పక్కపక్కన]

ఇక కాగితాలు. పాస్‌పోర్టు దరఖాస్తుకు వరంగల్ పోస్టాఫీసులోని సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరికితే హైదరాబాద్ తిరగక్కర్లేదు. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు. 60 దాటిన వాళ్లు కొత్తగా తీసుకుంటే అందులో పది శాతం తగ్గుతుంది. ఇక్కడిదాకా సులువే.

చిక్కు పేరు దగ్గర వస్తుంది. అమ్మ ఆధార్‌లో లచ్చమ్మ అని ఉంది. కొడుకు పాస్‌పోర్టులో తల్లి పేరు లక్ష్మి. ఊళ్లో ఇద్దరూ ఒకరేనని అందరికీ తెలుసు, వీసా అధికారికి మాత్రం ఇద్దరు మనుషులు. ఖర్చంతా కొడుకు పెట్టుకుంటున్నాడు కాబట్టి వీళ్లు అతని తల్లిదండ్రులేనని కాగితం మీద కనిపించాలి. అందుకే పాస్‌పోర్టుకు వెళ్లకముందే ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, కొడుకు పాస్‌పోర్టు అన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. ఏ పేరు నిలబెట్టాలో తేల్చుకొని మిగతావి దానికి తగ్గట్టు సరిచేయించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు కాబట్టి తొందరపడొద్దు. ఫారంలో ఇంటిపేరును సర్‌నేమ్ గడిలోనే రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే తర్వాత వీసా ఫారంలోనూ, టికెట్ మీదా తలనొప్పి.

గల్ఫ్ ప్రయాణాలు చూసిన జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు వాళ్లు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. అమ్మ పది పాస్ కాలేదు, ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, వస్తుందా అని. రాదు. 50 దాటిన వాళ్లందరికీ చదువుతో పని లేకుండా నాన్ ఈసీఆరే ఇస్తారు.

[తెర మీద: స్విట్జర్లాండ్ 5 రాత్రులు, పారిస్ 3 రాత్రులు]

రెండు దేశాలకూ ఒకటే షెంజెన్ వీసా. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి, కాబట్టి మన కుటుంబానికి స్విట్జర్లాండ్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. అక్టోబర్ ప్రయాణమైతే జులైలో పెట్టేయడం నయం. వేలిముద్రల కోసం పెద్దవాళ్లు వీసా కేంద్రానికి స్వయంగా రావాల్సిందే, వయసు చూసి మినహాయింపు ఇవ్వరు. పొలం పనులు చేసిన చేతుల ముద్రలు ఒక్కోసారి యంత్రానికి సరిగా అందవు. వెళ్లే ముందు కొన్ని రోజులు రాత్రిపూట వేళ్లకు కొబ్బరినూనె రాయండి. అక్కడికి వెళ్లేముందు మాత్రం చేతులు శుభ్రంగా కడగాలి. బాపుకు పెన్షన్ స్టేట్‌మెంట్ ఉంటుంది. అమ్మ పేరు మీద పట్టాదార్ పాస్‌బుక్ ఉంటే అదీ జత చేయండి. తిరిగి రావడానికి ఊళ్లో ఆధారం ఉందని అది చూపిస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. చౌక పాలసీ ఒకటి కొంటే వీసా వచ్చేస్తుంది, అందరూ అక్కడితో ఆగిపోతారు. కానీ వీసాకు సరిపోయే పాలసీ బాపుకు సరిపోతుందా? పాలసీ పత్రంలో రెండు చోట్లు వెతకండి. మొదటిది, ముందునుంచే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారన్నది. చాలా పాలసీలు బీపీ, షుగర్ వల్ల వచ్చిన ఇబ్బందికి అసలు ఇవ్వవు, లేదంటే ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే కొంత పరిమితి వరకు ఇస్తాయి. రెండోది సబ్ లిమిట్. పైన పెద్ద మొత్తం కనిపిస్తుంది, లోపల వయసును బట్టి గది అద్దెకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని కోతలు ఉంటాయి. సబ్ లిమిట్ లేని పాలసీకి ప్రీమియం ఎక్కువైనా నేనైతే అదే తీసుకోమంటాను.

ఇంకోమాట. ప్రీమియం తగ్గుతుందని షుగర్ లేదని రాయకండి. అక్కడి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయగానే బయటపడుతుంది, క్లెయిమ్ పోతుంది. ఏదైనా జరిగితే ఆసుపత్రిలో చేర్చే ముందో, చేర్చిన వెంటనేనో పాలసీ మీదున్న సహాయక నంబర్‌కు ఫోన్ చేయాలి. ఆ నంబర్ ఒక్క కొడుకు ఫోన్‌లో ఉంటే చాలదు, కాగితం మీద రాసి బాపు జేబులో కూడా పెట్టండి. ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

[తెర మీద: యూంగ్‌ఫ్రావ్‌యోక్ 3,454 మీటర్లు, రీగి కుల్మ్ 1,798 మీటర్లు]

ఇప్పుడు చలి, దాంతోపాటే ఎత్తు. అక్టోబర్‌లో లూసెర్న్ లాంటి ఊళ్లో మధ్యాహ్నం కూడా మన జనవరి తెల్లవారుజాములా ఉంటుంది. దానికి తట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది ప్యాకేజీల్లో తప్పనిసరిగా కనిపించే యూంగ్‌ఫ్రావ్‌యోక్. ఐరోపాలో అన్నిటికంటే ఎత్తైన రైల్వే స్టేషన్ అది. అంత ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లోకంటే దాదాపు మూడో వంతు తక్కువ. రైల్లో కూర్చొని పోతాం కదా అనిపిస్తుంది, కానీ శరీరం అలవాటు పడకముందే పైకి చేరిపోతాం. అక్కడ చలికి బీపీ పెరుగుతుంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. బాపు లాంటి వాళ్లకు గుండె డాక్టర్ సరే అంటే తప్ప నేను వద్దంటాను.

దానికి బదులు రీగి కొండ ఉంది. లూసెర్న్ రైల్వే స్టేషన్ ఎదురుగానే పడవ ఎక్కి విట్స్‌నావ్‌లో దిగితే పక్కనే పళ్ల చక్రంతో కొండ ఎక్కే రైలు. ఐరోపాలో మొదటి కొండ రైలు ఇదే, 1871లో మొదలైంది. కొండలు, సరస్సు, ఆల్ప్స్ మంచు శిఖరాలు అన్నీ కూర్చునే చూడొచ్చు. హోటల్ స్టేషన్ దగ్గర్లోనే తీసుకుంటే ఆ రోజు మొత్తం అమ్మ 3,500 అడుగుల లోపే నడుస్తుంది.

బట్టల్లో ఒకటే దొడ్డు స్వెట్టర్ పనిచేయదు. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఉన్ని, పైన గాలి దూరని జాకెట్, ఇలా పొరలుగా వేయండి. రైల్లో వేడిగా ఉంటుంది, ఒక పొర తీసేయొచ్చు. అమ్మ చీర మానక్కర్లేదు. లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేసుకొని, చీర రెండంగుళాలు పైకి కట్టుకుంటే చాలు, కుచ్చిళ్లు బూట్లకు తగలకూడదు. చెప్పులకు అలవాటైన కాళ్లకు బూట్లు కనీసం నెల ముందే కొని, రోజూ కట్ట మీద వాటితోనే నడిపించండి. షుగర్ ఉన్న బాపు పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. బూటు కొరికినా తెలియదు, హీటర్‌కు ఆనించిన పాదం కాలినా తెలియదు. రోజూ రాత్రి సాక్సులు విప్పించి అరికాళ్లు మీరే చూడండి. చలిలో దాహం తెలియదు కాబట్టి నీళ్లు గుర్తు చేయాలి. ఇన్సులిన్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి. విమానం అడుగున వేసే సామానులో పెడితే గడ్డకట్టి పాడవొచ్చు. అక్టోబర్ చివరి ఆదివారం ముందు వరకు స్విట్జర్లాండ్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది, ప్రయాణం రోజు డోసు వేళ ఎలా మార్చాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. మందులు చీటీతో సహా, షీట్లు విప్పకుండా ఉంచండి.

[తెర మీద: శంషాబాద్ విమానాశ్రయం, వీల్‌చైర్]

చివరగా విమానాశ్రయం. హన్మకొండ నుంచి శంషాబాద్‌కు కారులో మూడు గంటలు, లోపల లైన్లలో నిలబడటం, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారడానికి పొడుగాటి నడక. మోకాళ్లకు నడక కంటే నిలబడటం ఎక్కువ కష్టం. టికెట్ కొన్నప్పుడే, ఆలస్యమైనా 48 గంటల ముందే ఇద్దరికీ వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బులు తీసుకోరు. మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అనే రకానికి WCHR అనే కోడ్ ఉంటుంది, టికెట్‌లో అది కనిపిస్తోందో లేదో చూసుకోండి. "నాకేమైందిరా, బండిల కూసోబెడ్తవా?" అని బాపు కోప్పడతాడు. "అమ్మ ఒక్కతే కూర్చుంటే భయపడ్తది బాపు" అనండి, కూర్చుంటాడు.

పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు మెట్లే. బస్సుల్లో తిరగండి, లూవ్ర్ మ్యూజియంలో వీల్‌చైర్ ఉచితంగానే ఇస్తారు. దిగిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. విమానంలో గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. దిగాక రెండు మూడు రోజుల్లోనో, ఇంటికి వచ్చిన కొన్ని వారాల్లోపో ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే, కాపడం పెట్టి ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.