అవధి ఉన్నదనడానికి ఒక రుజువు, లేదనడానికి మరొకటి

(జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలోని ఒక కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నా నమస్కారాలు. డిసెంబరు 22 రామానుజన్ జన్మదినం కాబట్టి ఆయన జీవితాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నాకంటే ముందు మాట్లాడినవారు ఆ పని చక్కగా చేశారు. అందుచేత వారి అనుమతితో, చాలాకాలంగా నా మనసులో నలుగుతున్న రెండు చిన్న లెక్కలను మీ ముందు పెడతాను. x అనంతానికి పోయినప్పుడు sin x / x అవధి ఎంత, cos x అవధి ఎంత అన్నవే ఆ లెక్కలు. మొదటిదానికి జవాబు సున్నా, రెండోదానికి అవధి లేదు. జవాబులు చాలామందికి తెలుసు. నా బాధంతా ఆ జవాబులకు చెప్పే కారణాల గురించే.

ముందుగా మొదటి లెక్క. ఒక శిక్షణ కేంద్రంవారు పంచిన సూత్రాల కాగితంలో "సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి ఒకటి" అని, x ఎటు పోతున్నదో చెప్పకుండా అచ్చువేయడం నేను కళ్లారా చూశాను. x సున్నాకు చేరువైనప్పుడు, కోణాన్ని రేడియన్లలో తీసుకుంటే, ఆ అవధి 1 అన్నది నిజమే. అనంతం వైపు సంగతి పూర్తిగా వేరు. x ధన సంఖ్య అయినప్పుడు సైన్ విలువ ఎన్నడూ −1 కంటే తగ్గదు, 1ని మించదు కాబట్టి, ఆ అసమానతను x తో భాగిస్తే ఇలా వస్తుంది:

−1/x ≤ sin x / x ≤ 1/x

x పెరిగేకొద్దీ రెండు కొసలూ సున్నాకే చేరుతాయి కనుక మధ్యలో చిక్కుకున్న ప్రమేయానికి వేరే దారి లేదు. దీన్నే మనం శాండ్‌విచ్ సిద్ధాంతం అంటున్నాము. ఎంత దూరం పోతే ఎంత దగ్గరవుతుందో కూడా ఈ అసమానతే చెబుతుంది. సున్నాకు 0.01 లోపల ఉండాలని మీరు కోరితే x ను 100 దాటిస్తే చాలు, ఆ తరువాత ఏ x వద్దా అది ఆ హద్దు దాటదు. సరిగ్గా 100 రేడియన్ల వద్ద సైన్ విలువ సుమారు −0.506 కాబట్టి భాగఫలం −0.005 దాకా వచ్చేసింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. అవధికి ప్రమేయం దగ్గరవుతుందే గాని దాన్ని తాకదని చాలామంది విద్యార్థులు నమ్ముతారు. sin x / x మాత్రం π, 2π, 3π ఇలా π యొక్క ప్రతి గుణిజం వద్దా తన అవధి అయిన సున్నాను తాకుతూ, దాటుతూ, మళ్లీ వెనక్కి వస్తూనే ఉంటుంది. అంటే డోలనం ఉన్నంత మాత్రాన అవధి పోదు. డోలనపు ఎత్తు 1/x కు లోబడి తరిగిపోవడం వల్లనే ఇక్కడ అవధి నిలిచింది.

మరొక మాట. కొందరు దీన్ని 1/x అవధిని, sin x అవధిని గుణించి సాధిస్తారు. రెండోదానికి అసలు అవధే లేదు కాబట్టి లబ్ధ సూత్రం ఇక్కడ వర్తించదు. జవాబు సున్నా వచ్చినా ఆ పద్ధతికి మార్కులు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో లెక్కకు వద్దాం. మూల్యాంకనంలో నేను పదేపదే చూసే సమాధానం ఇది: "cos x విలువ −1కీ 1కీ మధ్య ఉంటుంది, రెండు కొసలు సమానం కావు, కాబట్టి అవధి లేదు." తుది మాట సరైనదే, అయినా ఇది రుజువు కాదు. ఎందుకంటే sin x / x కూడా −1కీ 1కీ మధ్యనే ఉంటుంది. అదే వాదాన్ని దాని మీద ప్రయోగిస్తే దానికీ అవధి లేదని తేలాలి, కాని ఉంది కదా! కొసలు కలవకపోతే శాండ్‌విచ్ సిద్ధాంతం మౌనంగా ఉంటుంది, అంతే. మనం ఎంచుకున్న కొసలు మరీ ఎడంగా ఉండవచ్చు. సిద్ధాంతం వర్తించకపోవడం ఒకటి, అవధి లేకపోవడం మరొకటి. అధ్యాపక మిత్రులారా, దయచేసి ఈ రెండింటినీ తరగతిలో విడివిడిగా చెప్పండి. ఇది నా విన్నపం.

వెనుక వరుసల్లోని పిల్లలు ఫోన్లు తీయండి, ఈసారి ఎవరూ కోప్పడరు. కాలిక్యులేటరును Deg లో పెట్టి 1000 కి కొసైన్ చూడండి. 0.1736 వచ్చిందా? ఇప్పుడు 10000 కి, తరువాత లక్షకు చూడండి. అన్నిటికీ అదే 0.1736. అవధి దొరికిపోయినట్టే అనిపిస్తుంది. కాని 1000 లోంచి 360 ని రెండుసార్లు తీసేస్తే 280 మిగులుతుంది. 280 ని పదితో గుణిస్తే 2800, అందులోంచి 360 ని ఏడుసార్లు తీసేస్తే మళ్లీ 280. అంటే పదేసి రెట్లు పెంచుకుంటూ పోతున్నామనుకుంటూ మనం ప్రతిసారీ 280 డిగ్రీల దగ్గరికే చేరుతున్నాము. డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని ప్రతి చుట్టులోనూ కాంతి మన వైపు తిరిగిన క్షణంలో మాత్రమే చూసేవాడికి ఆ దీపం తిరగడమే లేదనిపిస్తుంది, ఇదీ అలాంటిదే. Rad లోకి మార్చి 10, 100, 1000 లకు చూస్తే −0.839, 0.862, 0.562 అని వచ్చి ఆ భ్రమ తొలగిపోతుంది. అయితే డిగ్రీలు తప్పు, రేడియన్లు ఒప్పు అని దీని అర్థం కాదు. డిగ్రీలలోనూ 360, 720, 1080 వద్ద విలువ 1; 180, 540, 900 వద్ద −1. ఒక్క వరుస సంఖ్యలను చూసి అవధి ఉందని నిర్ణయించడమే తప్పు.

లేదని చెప్పడానికి మాత్రం రెండు వరుసలు చాలు. x ను 2π, 4π, 6π ఇలా పెంచుకుంటూ పోతే కొసైన్ ఎప్పుడూ 1. π, 3π, 5π ఇలా పోతే ఎప్పుడూ −1. రెండు వరుసలూ అనంతానికే పోతున్నాయి. అవధి L ఉన్నదని కాసేపు అనుకుందాం. అప్పుడు ఏదో ఒక హద్దు దాటాక ప్రతి x వద్దా cos x కీ L కీ దూరం 1/2 కంటే తక్కువ కావాలి. ఆ హద్దుకు ఆవల రెండు వరుసల సంఖ్యలూ ఉంటాయి కాబట్టి L కు 1 తోనూ, −1 తోనూ దూరం 1/2 కంటే తక్కువే. ఈ రెండు దూరాలను కూడితే 1 కంటే తక్కువ రావాలి, కాని 1 కీ −1 కీ మధ్య దూరమే 2. ఇది అసంభవం, కనుక L లేదు. L సున్నానా, 0.1736 నా అని ఒక్కొక్కటీ పరీక్షించే పని లేకుండా, ఈ నాలుగు వాక్యాలు అన్ని సంఖ్యలనూ ఒకేసారి తోసిపుచ్చుతాయి.

సమయం అయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు, ఒక్క ప్రశ్నతో ముగిస్తాను. cos x + sin x / x అన్న ప్రమేయానికి అనంతం వద్ద అవధి ఉందా? ఉన్నదనుకుంటే దానిలోంచి sin x / x ను తీసివేయవచ్చు, ఎందుకంటే దాని అవధి సున్నా అని ఇంతకుముందే తేల్చాము, రెండు అవధులూ ఉన్నప్పుడు వ్యవకలన సూత్రం వర్తిస్తుంది. అప్పుడు మిగిలిన cos x కు కూడా అవధి ఉండితీరాలి. అది లేదని ఇప్పుడే చూశాము. కాబట్టి ఈ మొత్తానికి కూడా అవధి లేదు. సెలవు.