పాత కారు: షోరూమ్‌కా, బయటికా?

శ్రోతలకు నమస్కారం. మా కింది పోర్షన్‌లో ఉండే మాస్టారు మొన్నీమధ్య ఒక కాగితం పట్టుకుని మేడెక్కి వచ్చారు. మేముండేది బెంగళూరు మారతహళ్లి దగ్గర. పాత కార్లకు ధర కట్టే పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నానని వీధిలో అందరికీ తెలుసు. మాస్టారిది 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. కేఏ-53 నంబరు, 58,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి ఓనర్ ఆయనే. కొత్త కారు కోసం షోరూమ్‌కి వెళ్తే పాతదానికి 4,25,000 ఇస్తామన్నారట. "మంచి రేటేనంటారా?" అని అడిగారు.

కాగితం చూస్తే కొత్త కారు ఆన్‌రోడ్ ధర సరిగ్గా పది లక్షలు. పాతది పోగా ఆయన కట్టాల్సింది 5,75,000. అందులో డిస్కౌంట్ అన్న మాటే లేదు. "మాస్టారూ, రేపు మీ అబ్బాయిని అదే షోరూమ్‌కి పంపండి. పాత కారు ఊసెత్తకుండా, రొక్కానికి కొంటే ఎంతకిస్తారో అడిగి రమ్మనండి" అన్నాను. అబ్బాయి వెళ్లి కనుక్కున్నాడు. 35,000 తగ్గించి 9,65,000కి ఇస్తామన్నారు.

ఇక ఒక్క తీసివేత చాలు. పాత కారు ఇవ్వకపోతే 9,65,000, ఇస్తే 5,75,000. తేడా 3,90,000. షోరూమ్ దృష్టిలో ఆ కారు విలువ అంతే. 4,25,000 అన్నది కాగితం మీది అంకె. ఆ 3,90,000లో కూడా 20,000 కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్. అంటే కారుకు కట్టింది 3,70,000. కొత్త కారు బేరం, పాత కారు బేరం ఒకే టేబుల్ మీద కలిపి ఆడితే, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకోవడం వాళ్లకు చాలా సులువు. అందుకే కొత్త కారు ధర ముందు రాయించుకోవాలి. ఆ తర్వాతే పాత కారు సంగతి ఎత్తాలి.

అలాగని షోరూమ్ వాళ్లను మోసగాళ్లనను. వాళ్లు ఆ కారును మళ్లీ అమ్మాలి, డెంట్లు తీయించాలి, అమ్ముడయ్యేదాకా యార్డులో పెట్టుకోవాలి. పైగా 2025 జనవరి నుంచి పాత కార్ల డీలర్లు తమ మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. మనం నేరుగా ఇంకొకరికి అమ్ముకుంటే ఆ పన్ను లేదు. ఈ ఖర్చులన్నీ వాళ్లు ముందే మన ధరలోంచి తీసేస్తారు.

మరి బయట ఎంత పలుకుతుంది? మాస్టారు ఇన్సూరెన్స్ కాగితంలోని ఐడీవీ చూపించారు. అది క్లెయిముల కోసం వేసే లెక్క, బజారు ధర కాదు. సైట్లలో ప్రకటనలు చూడమన్నాను. అదే మోడల్, అదే ఏడాది, అదే ఇంధనం, మొదటి ఓనర్, బెంగళూరు నంబరే ఉండాలి. 4,40,000 నుంచి 5,10,000 దాకా కనిపించాయి. అవి అమ్మేవాళ్ల ఆశలు. మూడు వారాలపాటు రోజూ చూస్తే అసలు కథ తెలుస్తుంది. 5 లక్షల పైన పెట్టినవి అలాగే వేలాడుతూ ఉన్నాయి. 4,50,000 దగ్గర పెట్టినవి నాలుగైదు రోజుల్లో మాయమయ్యాయి. కాబట్టి చేతికి వచ్చేది 4,40,000 అటూ ఇటూ. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదీ తగ్గక తప్పదు. అంతకుముందు మీ బావమరిది ఎంతకి అమ్మాడన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు.

చూడ్డానికి వచ్చినవాడు ఏం చూస్తాడో అమ్మేవాడికీ తెలిసి ఉండాలి. నేనైతే ముందు బానెట్ ఎత్తి, దాన్ని పట్టుకున్న బోల్టులు చూస్తాను. ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు మీద రంగు చెక్కు చెదరదు. స్పానర్ పడితే అంచుల్లో రంగు లేచిపోయి ఇనుము మెరుస్తుంది. అంటే బానెట్ విప్పారు, ఎందుకు విప్పారో చెప్పాలి. తర్వాత టైరు పక్కన చిన్న గడిలో ఉండే నాలుగంకెలు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. మాస్టారి టైర్లు కారుతో పాటు వచ్చినవే. "కొత్తవి వేయించనా?" అన్నారు. వద్దన్నాను. పెట్టిన డబ్బు ధరలో తిరిగి రాదు. సర్వీసు చేయించి, లోపల శుభ్రం చేయించి, ఏసీ చల్లగా వస్తోందో లేదో చూసుకోమన్నాను. మొత్తం 8,000 అయింది. ముందు బంపర్ మార్చిన సంగతి దాచకుండా ప్రకటనలోనే రాయించాను. తర్వాత దొరికిపోయే అబద్ధం బేరంలో చాలా ఖరీదు.

అయితే మన తెలుగువాళ్లలో చాలామందికి ఇంకో చిక్కు ఉంది. ఏపీ, తెలంగాణ నంబరు కారు ఇక్కడ అమ్మబోతే, కొనేవాడు కర్ణాటక లైఫ్ టాక్స్ లెక్కేసి ఆ మేరకు తగ్గిస్తాడు. అలాంటి కారును సెలవులకు ఊరు తీసుకెళ్లి అక్కడ అమ్మడమే మేలు. యాక్సిడెంట్ అయి పెద్ద రిపేరు జరిగిన కారైనా, షోరూమ్‌కీ బయటికీ తేడా ఇరవై వేల లోపే ఉన్నా, నన్నడిగితే షోరూమ్‌కే ఇచ్చేయండి. వారాల తరబడి ఫోన్లెత్తే ఓపికకు ఆ డబ్బు చాలదు.

మాస్టారి కారు హొసకోటె నుంచి వచ్చిన ఒకాయన 4,38,000కి కొన్నారు. ఖర్చు పోగా 4,30,000. షోరూమ్ లెక్క కంటే 40,000 ఎక్కువ. టెస్ట్ డ్రైవ్‌కి మాస్టారు పక్కనే కూర్చుని వెళ్లారు. డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలు ఇచ్చారు. అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి దాన్ని ముందే తీయించాల్సి వచ్చింది, పది రోజులు అక్కడే పోయాయి. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద కొనేవారి వివరాలు నింపాకే సంతకం చేయించాను, ఖాళీ ఫారాల మీద కాదు. కారు అప్పగించిన తేదీ, గంటతో సహా ఒక కాగితం రాయించి ఇద్దరి సంతకాలు పెట్టించాను. ఎందుకంటే ఆర్సీలో పేరు మారకముందు ఆ కారు ఎవరినైనా గుద్దితే పరిహారం కేసు పాత ఓనర్ మీదికే వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. పాలసీ కొనేవారికి మార్చినా, నో క్లెయిమ్ బోనస్ మాత్రం మనిషిది, కారుది కాదు. దానికి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుని కొత్త కారు పాలసీలో వాడుకున్నారు.

ఒకటి మర్చిపోయాను. కారు బయట అమ్ముకున్నా, పేరు మారిన ఆర్సీ చూపిస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ ఇచ్చే పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉంటుంది. బుకింగ్ అప్పుడే అడిగి రాయించుకోవాలి. మాస్టారు రాయించుకున్నారు. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ పరివాహన్ సైట్‌లో తన కారు నంబరు కొట్టి చూసుకునేవారు. పంతొమ్మిదో రోజున ఓనర్ పేరు మారింది. ఆ ఆర్సీ జిరాక్స్ పట్టుకుని, ఆ 20,000 కోసం ఆటోలో షోరూమ్‌కి బయల్దేరారు.