రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరి జేబులోంచి?

శ్రోతలకు నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. అమ్మే పెద్దాయన, కొనే దంపతులు, మధ్యలో బ్రోకరు హాల్లో కూర్చున్నారనుకోండి. ధర 60 లక్షల దగ్గర ఆగింది. పెద్దాయన ముందే చెప్పేశారు: "రిజిస్ట్రేషన్ ఖర్చులు మాత్రం మీవేనండీ. మాకు సంబంధం లేదు."

కొనే ఆయన ఒక నిమిషం ఆగి, "అవి మేమే కట్టుకుంటాం లెండి అంకుల్. అందుకేగా ధర కాస్త చూడమంటున్నాం, 59న్నరకి ఇప్పించండి, ఇప్పుడే బయానా ఇచ్చేస్తాం" అన్నాడు.

ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. చలానా ఎవరి పేరున కట్టాలో చట్టం చెబుతుంది. సేల్ డీడ్ మీద స్టాంపు డ్యూటీ, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవారే కట్టాలని 1899 నాటి భారత స్టాంపు చట్టంలోని 29వ సెక్షన్ అంటుంది. అంతవరకు పెద్దాయన మాట నిజమే. కానీ ఆ పన్ను వల్ల చివరికి ఎవరి చేతిలో డబ్బు తగ్గిందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చట్టంలో దొరకదు, బేరంలో తేలుతుంది.

మన ఊళ్లోనే జరిగిన ఒక మార్పు తీసుకుందాం. 2021 జులై 22 నుంచి తెలంగాణలో ఇళ్ల రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది. అందులో పెరిగింది స్టాంపు డ్యూటీయే, 4 నుంచి 5.5 అయింది. తక్కినవి ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు. మన 60 లక్షల ఫ్లాటుకు అంతకుముందు 3 లక్షల 60 వేలు అయ్యేది, ఇప్పుడు 4 లక్షల 50 వేలు. తేడా 90 వేలు. బ్యాంకు లోను ఉంది కాబట్టి పూర్తి ధరకే డాక్యుమెంటు రాయించారనుకుందాం. ప్రభుత్వ విలువకే రాయించి మిగతాది చేతికిచ్చే పద్ధతి ఊళ్లో ఉందని నాకూ తెలుసు, మీకూ తెలుసు. దాన్ని ఇందులోకి లాగితే లెక్క చెదిరిపోతుంది.

ఈ 90 వేలు ఎవరు భరిస్తారు? చాలామంది తడుముకోకుండా "కొనేవాడే" అంటారు. సరే, అదే నిజమనుకుని చూద్దాం.

ఆ చుట్టుపక్కల ఈ తరహా ఫ్లాట్లు అమ్మాలనుకునేవాళ్లు 100 మంది, కొనాలనుకునేవాళ్లు 100 మంది ఉన్నారు. పాత ఖర్చుతో, 60 లక్షల ధరకి, అందరికీ జత కుదురుతోంది. ఇప్పుడు రెండు సంగతులు ఊహించుకోండి. ఒకటి, కొనేవారి మీద 60 వేల అదనపు భారం పడితే వాళ్లలో ఇద్దరు వెనక్కి తగ్గుతారు. నాగోల్ వైపు చూద్దామనో, ఉప్పల్ వెళ్దామనో, ఇంకో ఏడాది అద్దెకే ఉందామనో అనుకుంటారు. రెండోది, అమ్మేవారి చేతికి వచ్చేది 60 వేలు తగ్గితే వాళ్లలో ఒక్కరే ఆగిపోతారు. ఆ ఒక్కరు, "ఈ రేటుకైతే అద్దెకిచ్చుకుంటాను" అనే మనిషి. మిగతావాళ్లకు అంత వెసులుబాటు లేదు. పిల్ల పెళ్లి ఉంటుంది, కొత్త ఇంటికి కట్టాల్సిన వాయిదా ఉంటుంది, అన్నదమ్ముల పంపకం ఉంటుంది. ఈ అంకెలు నేను వేసుకున్నవే, సర్వే చేసి తెచ్చినవి కావు. ఎవరు ఎంత కదులుతారన్న తేడా కనబడాలని మాత్రమే పెట్టాను.

ఇప్పుడు మొత్తం 90 వేలూ కొనేవారే మోశారనుకుందాం. 60 వేలకు ఇద్దరు తగ్గితే 90 వేలకు ముగ్గురు తగ్గుతారు. కొనేవాళ్లు 97 మంది. అమ్మేవాళ్ల చేతికి వచ్చేది మారలేదు కాబట్టి వాళ్లు 100 మందీ అలాగే ఉన్నారు. అంటే ముగ్గురి ఫ్లాట్లకు బేరమే రాదు. బ్రోకరుకు ఫోన్ చేస్తే, "పార్టీలు రావట్లేదు సార్, కొంచెం తగ్గిస్తే చూద్దాం" అంటాడు. ఆ ముగ్గురిలో తొందరున్నవాడు పదివేలో ఇరవై వేలో దిగుతాడు. పక్క వింగ్‌లో ఆ ధరకు అమ్ముడైందని తెలిశాక ఎదుటి ఫ్లాటు ఆయనా దిగక తప్పదు.

ఎక్కడిదాకా దిగుతారు? చెరిసగం అనిపిస్తుంది, 45 వేలు, 45 వేలు. కానీ అక్కడా నిలబడదు, ఎందుకంటే కొనేవాళ్లలో తగ్గినవాళ్లు ఇంకా ఎక్కువే. నిలబడేది ఒక్క చోటే. అమ్మేవారికి 60 వేలు తగ్గి, కొనేవారికి 30 వేలు పెరిగిన చోట. 60 వేలు తగ్గితే అమ్మేవారిలో ఒకరు ఆగుతారు. 30 వేలు పెరిగితే కొనేవారిలో ఒకరు ఆగుతారు. అటు 99, ఇటు 99. ఇంకా దిగమని ఒత్తిడి లేదు, పెంచే అవకాశమూ లేదు. ఫ్లాటు ధర 59 లక్షల 40 వేల దగ్గర కుదురుతుంది. ధర తగ్గింది కాబట్టి దానిమీద డ్యూటీ కూడా రవ్వంత తగ్గుతుంది, ఆ చిల్లర వదిలేస్తున్నాను.

అంటే చలానా మొత్తం కొనేవారి పేరునే ఉన్నా, 90 వేలలో 60 వేలు మోసింది పెద్దాయన. ఆయన దగ్గర రసీదు లేదు, ప్రభుత్వ ఖాతాలో ఆయన పేరు లేదు, ఆయన్నెవరూ పన్ను అడగలేదు కూడా. రేటు తగ్గింది, మార్కెట్ డల్‌గా ఉంది అనుకుంటారు, అంతే.

కొనేవారు రెండింతలు తేలిగ్గా కదిలారు, అందుకే భారం అమ్మేవారి మీద రెండింతలు పడింది. ఎవరికి వేరే దారులు తక్కువో వాళ్ల మీద పన్ను ఎక్కువ పడుతుంది. ఆర్థికశాస్త్రంలో ఇలా కదిలే గుణాన్ని వ్యాకోచత్వం అంటారు. పేరెలా ఉన్నా, చూడాల్సింది ఒకటే: ధర మారితే ఎంతమంది వెళ్లిపోగలరు? పెట్రోలు సంగతి చూడండి. రాష్ట్రం దాని మీద వేసే వ్యాట్ 35.2 శాతం. బండి మీద ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషి ధర పెరిగిందని రేపటి నుంచి మానేయలేడు. అక్కడ దాదాపు భారమంతా కొనేవారిదే. ఇంటి విషయంలో అలా కాదు, కొనేవారు కనీసం కొన్నాళ్లు వాయిదా వేయగలరు. ఇల్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అలాగని ఎప్పుడూ అమ్మేవారే మోస్తారనుకోకండి. ఒక పేరున్న స్కూలుకు నడిచివెళ్లే దూరంలో ఇల్లు కావాలి, జూన్ లోపు గృహప్రవేశం జరగాలి అని పట్టుబట్టిన తల్లిదండ్రులకు కదిలే దారి మూసుకుపోయినట్టే. ఆ వీధిలో ఖాళీ ఫ్లాట్లు రెండే ఉంటే అమ్మేవారు ఒక్క రూపాయి దిగరు. చట్టం అదే, పన్ను శాతం అదే, కానీ భారం తిరగబడింది.

పోనీ, చట్టాన్నే మార్చి డ్యూటీ మొత్తం అమ్మేవారే కట్టాలన్నారనుకోండి. కొనేవారు సంతోషపడటానికి ఏమీ లేదు. పెద్దాయన ఆ నాలుగున్నర లక్షలు కలుపుకుని 64 లక్షల దగ్గర బేరం మొదలుపెడతారు. రాయించిన ధర పెరుగుతుంది, అంతకుమించి ఎవరి చేతిలో ఎంత మిగులుతుందన్నది పెద్దగా మారదు. అటు ఇటు కదిలే మనుషులు వాళ్లే కదా.

ఇంకో సంగతి ఉంది, లెక్కలో దాన్ని తేలిగ్గా దాటేస్తాం. 100 బేరాలు జరగాల్సిన చోట 99 జరిగాయి. ఆగిపోయిన ఆ ఒక్క బేరంలో కొనేవారికి ఇల్లు రాలేదు, అమ్మేవారికి డబ్బు రాలేదు, ప్రభుత్వానికి డ్యూటీ కూడా రాలేదు. ముగ్గురికీ నష్టమే, ఎవరి ఖాతాలోనూ కనబడదు.

మరి నిజంగా ఇలాగే జరిగిందని ఎలా తెలుస్తుంది? 2021 జులైకి ముందు ధర, తర్వాత ధర పక్కపక్కన పెట్టి చూస్తే చాలదు. ఆ రోజు డ్యూటీతోపాటు ప్రభుత్వ మార్కెట్ విలువలనూ సవరించారు. కోవిడ్ రెండో వేవ్ అప్పుడే తగ్గుతోంది, లోన్ల వడ్డీ తక్కువగా ఉంది. వీటి మధ్య ఒకటిన్నర శాతం తాలూకు ప్రభావాన్ని విడదీయడం కష్టం. ఆ ఏడాది ఊళ్లో ధరలు పెరిగాయి కాబట్టి అమ్మేవారు ఏమీ మోయలేదని ఎవరైనా అంటే, అడగాల్సింది ఒకటే: డ్యూటీ పెరగకపోయి ఉంటే ఇంకెంత పెరిగేవి?

దానికి జవాబు కావాలంటే పన్ను మారిన చోటునీ మారని చోటునీ పోల్చాలి. కెనడాలో టొరంటో నగరం 2008లో ఇళ్ల అమ్మకాల మీద తన సొంత పన్ను ఒకటి వేసింది, సగటున ధరలో 1.1 శాతం. నగర సరిహద్దు దాటితే ఆ పన్ను లేదు. గీతకు ఇటూ అటూ ఉన్న ఇళ్లను పరిశోధకులు పోల్చి చూశారు. అక్కడా కట్టాల్సింది కొనేవారే. అయినా ఇళ్ల ధరలు దాదాపు పన్ను మేరకు తగ్గాయి, అంటే భారం చాలావరకు అమ్మేవారి మీదే పడింది. అమ్మకాల సంఖ్య 15 శాతం వరకు పడిపోయింది. ఒక శాతం పన్నుకు అన్ని బేరాలు ఆగడం నన్నైతే ఆశ్చర్యపరిచింది. ఇల్లు మారాలనుకున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు.

కొత్త ఫ్లాట్ల కథ కొంచెం వేరు. కట్టేసిన ఇల్లు బిల్డరుకు కూడా బరువే, వడ్డీ నడుస్తుంటుంది, కాబట్టి మొదట్లో ఆయనా దిగుతాడు. కానీ తర్వాతి ప్రాజెక్టు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. సిమెంటు, స్టీలు, మేస్త్రీల కూలీ వేరే పనులకు వెళ్లిపోగలవు కాబట్టి ఈ పన్ను కోసం అవి చవక కావు. మిగిలింది స్థలం. స్థలానికి బదులు కట్టిన ఫ్లాట్లలో వాటా ఇచ్చే డెవలప్‌మెంట్ అగ్రిమెంటుకి స్థలం యజమాని దగ్గరకు వెళ్లినప్పుడు బిల్డరు, "ఫిఫ్టీ ఫిఫ్టీ వర్కవుట్ కాదు సార్, మీకు 48 ఇస్తాను" అంటాడు. ఆ యజమాని ఫ్లాటు కొనలేదు, అమ్మలేదు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఆ డ్యూటీ కోసం ఎక్కనే లేదు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఆ డ్యూటీలో కొంత ఆయన వాటాలోంచే పోతుంది, ఎందుకంటే ఆ బేరంలో కదల్లేనిది ఆయన స్థలమే.

తగ్గింపులు కూడా ఇదే దారిన నడుస్తాయి. కొనేవారికి ఊరట అంటూ రేపు ఎవరైనా ఈ ఒకటిన్నర శాతం తగ్గిస్తే, మన దిల్‌సుఖ్‌నగర్ లెక్క ప్రకారం ఆ 90 వేలలో కొనేవారికి మిగిలేది 30 వేలే. పెద్దాయన ఫ్లాటు ఇంకా అమ్మకుండా ఉంటే, తక్కిన 60 వేలు ధరలో కలుపుకుని అడుగుతారు.