రెండు భాషల్లో ఒకే శుభవార్త
(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. గిడుగు వారి జయంతి కాబట్టి వ్యావహారిక భాష గురించి మాట్లాడమన్నారు. ఇవాళ వ్యావహారికం ఎక్కువగా ఫోన్లలోనే నడుస్తోంది, కనుక అక్కడికే వెళదాం.

ఆర్టీసీలో 33 ఏళ్లు బస్సు నడిపిన తండ్రి రిటైరయ్యారనుకోండి. కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, పైన ఇంగ్లీషులో ఐదు వాక్యాలు, అడుగున తెలుగులో అదే సంగతి మక్కికి మక్కి దించుతాడు. అక్కడ బయటికి కనిపించేది మొదటి 125 అక్షరాలు, అటూ ఇటూగా. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అంటే ఇంగ్లీషు రాని పెద్దమ్మ కంటికి తెలుగు అసలు ఆనదు.

పైగా మన అక్షరాల లెక్క వేరు. వత్తు, గుణింతం, సున్నా, అన్నీ విడివిడిగా పడతాయి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు ఉన్న 280లో రెండు భాషలూ ఇరికిస్తే రెండూ నలుగుతాయి. అక్కడ తెలుగు పోస్టు పెట్టి, ఇంగ్లీషును దాని కింద జవాబుగా పెట్టండి.

ఇక ఏ భాషలో మనసు విప్పాలి? ఆ ఘట్టం ఇంట్లో ఏ భాషలో జరిగిందో ఆ భాషలో. ఈ తండ్రి విషయంలో తెలుగే. ఇలా రాయొచ్చు:

"నాన్న ఈ రోజు స్టీరింగు దిగారు. తెల్లవారుజామున మూడింటికి లేచి డబ్బా కట్టే పని అమ్మకు రేపటినుంచి లేదు."

ఖాళీలతో కలిపి సరిగ్గా వంద. మడత పడకముందే అయిపోయింది. దీని కింద ఇంగ్లీషులో ఎన్నేళ్లు, ఏ డిపో, ఎవరికి కృతజ్ఞతలు, అంతే. డబ్బా సంగతి అక్కడ మళ్లీ ఎత్తకండి. ఆఫీసువాళ్లకు సమాచారం చాలు. డబ్బా ఏమిటని అడిగినవాళ్లకు విడిగా చెప్పొచ్చు.

అన్నిటికీ తెలుగే అనడం లేదు, భాషాభిమానులు కోపగించుకోకండి. అమెరికాలో పీహెచ్‌డీ చేసిన అమ్మాయి ల్యాబులో పడ్డ బెంగ, గైడుతో వాదన, వైవా, అన్నీ ఇంగ్లీషులోనే గడిచాయి. ఆమె దాన్ని ఇంగ్లీషులోనే రాసుకోవాలి. తెలుగులో తాతయ్యకు ఏం చదివిందో, ఇంటికి ఎప్పుడొస్తుందో చెబితే చాలు. ఆయన అడిగేవి అవే.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు లిపిలో తెలుగు! పెద్దమ్మ చదవలేదు, ఆఫీసువాళ్లకు అర్థం కాదు. మరి ఎవరి కోసమండీ? వెనక వరుసలో కుర్రాళ్లు నవ్వుతున్నారు, మీకే చెబుతున్నా. జీబోర్డులో తెలుగు చేర్చుకునేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అమరిక ఎంచుకుంటే, ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా తెలుగు లిపి వస్తుంది. 'nanna' అని కొట్టి, పైన వరుసలో వచ్చిన 'నాన్న'ను నొక్కడమే. అయితే 'నాన' లాంటివి కూడా పక్కనే రావచ్చు. వత్తు పడిందో లేదో చూసి మరీ నొక్కండి.