వంపు బయటి వైపు నీటికి ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది?

అందరికీ నమస్కారం. ముందు ఈ బల్ల మీది పైపు చూడండి. పడుకోబెట్టిన ఎల్బో, వంపు మధ్యలో లోపలి గోడకు ఒక చిల్లు, బయటి గోడకు ఒక చిల్లు, రెండింటికీ నిలువుగా గాజు గొట్టాలు బిగించాం. ఇప్పుడు నీరు సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో పోతోంది, బయటి గొట్టంలో నీటిమట్టం లోపలి దానికంటే 8 సెంటీమీటర్లు పైన ఉంది. వాల్వ్ తిప్పి వేగం సగం చేస్తున్నాను. చూశారా, తేడా 2 సెంటీమీటర్లకు దిగింది. వేగం సగమైతే తేడా పావు వంతయింది.

ఎందుకిలా అని ఎవరిని అడిగినా, నీరు వెళ్లి బయటి గోడకు కొట్టుకుంటుంది కదా అంటారు. నాకు ఆ జవాబు చాలదు. గోడ సంగతి పక్కన పెట్టినా, పైపు నడుమ, చుట్టూ నీరు తప్ప ఇంకేమీ లేని చోట కూడా బయటికి పోయేకొద్దీ ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది. దానికి కారణం కావాలి.

ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరుగుతుంటే ముగ్గురు కూర్చునే సీటు గుర్తు తెచ్చుకోండి. మలుపుకు బయటి వైపున్న కిటికీ పక్కాయన మీద మిగతా ఇద్దరి బరువూ పడుతుంది. లోపలి చివరనున్నాయన తిరగాలంటే నడిమాయన నెట్టాలి, నడిమాయన తిరుగుతూ ఆయన్నీ తిప్పాలంటే కిటికీ పక్కాయన ఇంకా గట్టిగా నెట్టాలి, చివరికి ముగ్గురినీ కలిపి బస్సు గోడ నెట్టాలి. బయటికి పోయేకొద్దీ నెట్టుడు పోగవుతోంది. నీటిలోనూ ఇదే లెక్క. చక్కెర పలుకంత నీటి ముద్ద వంపులో తిరగాలంటే, దాని వేగం మారకపోయినా దిశ మారాలి కాబట్టి, వంపు కేంద్రం వైపు బలం కావాలి. ఇక్కడ పక్క నీరు ఆ ముద్దను నెట్టే తిప్పాలి, కాబట్టి బయటి వైపు నెట్టుడు లోపలి వైపు దానికంటే ఎక్కువ ఉండాలి. దీన్నే ఇలా రాస్తాం:

dp/dr = ρV²/r

ఇందులో p ప్రెషర్, r వంపు వ్యాసార్థం, ρ నీటి సాంద్రత, V వేగం. బయటికి పోయేకొద్దీ ప్రెషర్ పెరిగే రేటు వేగం వర్గంతో పెరుగుతుంది, వంపు వ్యాసార్థం పెరిగితే తగ్గుతుంది. తిన్నటి పైపులో r అనంతం, కాబట్టి ఈ తేడా ఉండదు.

ఒక లెక్క వేద్దాం. పైపు వ్యాసం 200 మిల్లీమీటర్లు, వంపు మధ్యరేఖ వ్యాసార్థం 300, నీరు సెకనుకు 3 మీటర్లు. వేగం అంతటా ఒకటే అనుకుంటే తేడా దాదాపు 1000 × 9 × 0.2 ÷ 0.3, అంటే 6000 పాస్కళ్లు, 61 సెంటీమీటర్ల నీటిమట్టం. నిజానికి వేగం ఒకేలా ఉండదు. బయటి దారి పొడవు కాబట్టి అక్కడి నీరు పరుగెత్తాలని చాలామంది అనుకుంటారు, కానీ ఇద్దరూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. వంపులోకి వస్తూనే బయటి నీరు పెరిగే ప్రెషర్‌కు ఎదురెళ్లి నెమ్మదిస్తుంది, లోపలి నీరు తగ్గే ప్రెషర్ వైపు వేగం పుంజుకుంటుంది. ఘర్షణ వదిలేసి లెక్కిస్తే లోపల దాదాపు 4.4, బయట 2.2 మీటర్లు వస్తుంది, తేడా 73 సెంటీమీటర్లకు చేరుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, వంపుకు ముందున్న ప్రెషర్‌తో పోలిస్తే బయట పెరిగింది 21 సెంటీమీటర్ల పైచిలుకే, లోపల తగ్గింది 51 పైచిలుకు. అంటే అసలు మార్పు ఎక్కువగా లోపలి గోడ దగ్గరే ఉంది.

ఇది తెలియక నేనొకసారి దెబ్బతిన్నాను. 6 మీటర్ల లిఫ్ట్ ఉన్న పంపును పరీక్షిస్తూ గేజీని డెలివరీ ఎల్బో బయటి వైపు చిల్లుకు బిగించాను, అక్కడే చేతికి అందేది. పంపు నీటిని ఎత్తగలిగే ఎత్తు, అంటే హెడ్, మూడున్నర శాతం ఎక్కువ చూపించింది, పంపు మంచిదని సంబరపడ్డాం. తర్వాత తిన్నటి భాగంలో ఇంకో గేజీ పెడితే సంగతి బయటపడింది. వాల్వ్ పూర్తిగా మూస్తే రెండు గేజీలూ ఒకేలా చూపేవి, తెరిచేకొద్దీ ఎడం పెరిగేది. గేజీలోనే లోపముంటే నీరు ఆగినప్పుడు కూడా తేడా కనబడేది కదా!

ఇదే తేడాను కావాలని వాడితే ఎల్బో మీటరు అవుతుంది, ప్రవాహాన్ని కొలవొచ్చు. కానీ దాన్ని కాలిబ్రేట్ చేయాలి, నేను వేసిన లెక్క ఒక్కటే సరిపోదు. ఎందుకంటే గోడ పక్క నీరు నెమ్మదిగా ఉంటుంది, దాన్ని తిప్పడానికి తక్కువ ప్రెషర్ తేడా చాలు, కానీ దాని మీద పడేది నడుమ నీటి కోసం ఏర్పడిన పెద్ద తేడా. అందుకే అది గోడ వెంబడి లోపలికి జారిపోతుంది, నడుమ నీరు బయటికి వస్తుంది, పైపులో జంట సుడులు పుడతాయి. వంపు బిగువైతే లోపలి గోడ దగ్గర నీరు గోడను వదిలేస్తుంది కూడా.

ఇప్పుడు ఎల్బో దాటాక తిన్నటి భాగంలో ఉన్న ఈ రెండో జత గొట్టాలు చూడండి. మట్టాలు దాదాపు సమానమయ్యాయి. అయినా ఇక్కడ ఒక చుక్క రంగు వదులుతున్నాను, దగ్గరికి రండి, ఆ రంగు ఇంకా మెలి తిరుగుతూనే పోతోంది.